నొప్పి తగ్గిన పేషెంట్‌ని మళ్ళీ రప్పించడమే అసలు పని

ప్రశ్న: మా తమ్ముడు బీడీఎస్ చేశాడు. వచ్చే నెల మా టౌన్‌లో సొంతంగా డెంటల్ క్లినిక్ పెడుతున్నాడు. అపాయింట్‌మెంట్లు, రిమైండర్లు, క్యాన్సిలేషన్లు నేను చూసుకోవాలి. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకుంటే మంచిది? చెప్పి రానివాళ్ళతో ఎలా?

సాఫ్ట్‌వేర్ సంగతి చివర్లో చెప్తాను, అప్పటిదాకా మీకు ఓపికుంటే. అమలాపురంలో మా మరిది క్లినిక్ తెరిచిన రోజు నుంచీ కౌంటర్ నాదే. అంతకుముందు పెళ్ళికి ముందు కూడా ఒక పిల్లల డాక్టరు గారి దగ్గర ఇదే పని చేశాను. ఆ అనుభవం ఇక్కడ పెద్దగా అక్కరకు రాలేదు. పిల్లాడికి జ్వరం తగ్గకపోతే తల్లి చెప్పకుండానే మళ్ళీ వస్తుంది. పంటి పేషెంట్ తీరు దానికి పూర్తిగా రివర్స్. నొప్పి ఉన్నంతసేపూ తెల్లవారుజామున ఫోన్ చేస్తాడు. మొదటి సిట్టింగ్‌లో నరం తీసి, మందు పెట్టి, పైన తాత్కాలిక సిమెంట్ వేసి పంపితే రాత్రి హాయిగా నిద్రపడుతుంది. ఇక పన్ను బాగైపోయిందనే అనుకుంటాడు. ఆ సిమెంట్ కొన్ని వారాలకి మించి నిలవదు. అది అరిగి లోపలికి ఉమ్ము దిగితే చేసిన పనంతా మళ్ళీ మొదటికొస్తుంది. రూట్ కెనాల్, అదే ఆర్‌సీటీ, పూర్తయినా క్యాప్ వేయించుకోకుండా జంతికలు కొరికితే పన్ను నిలువునా చీలుతుంది. అప్పుడొచ్చి, నలుగురు కూర్చున్న హాల్లో, "మీరు చేసిన రూట్ కెనాల్ ఫెయిలయిందండీ" అంటాడు.

కాబట్టి నా లెక్కలో అపాయింట్‌మెంట్ పుస్తకం ఉన్నదే నొప్పి తగ్గినవాళ్ళ కోసం. నొప్పి ఉన్నవాడు ఎలాగూ వస్తాడు.

ముందు టైములు ఇవ్వడం గురించి. టౌన్‌లో అందరికీ టైము ఇస్తామంటే కుదరదు. అల్లవరం నుంచో ముమ్మిడివరం నుంచో బస్సెక్కి వచ్చినావిడని "మీకు అపాయింట్‌మెంట్ లేదు" అని పంపించలేరు. అందరికీ టోకెన్లే ఇచ్చినా కుదరదు, గంటసేపు పట్టే పని మధ్యలో ఆగిపోతుంది. అందుకని రోజుని రెండుగా విడగొట్టాం. క్లినిక్ తెరవగానే మొదటి గంటన్నర, సాయంత్రం మొదటి గంట టోకెన్లు: కొత్తవాళ్ళు, నొప్పితో వచ్చినవాళ్ళు, కుట్లు విప్పించుకునేవాళ్ళు. మిగతాదంతా టైములే. పుస్తకంలో పేజీని పావుగంట గళ్ళుగా గీసుకోండి. చూపించుకోవడానికి ఒక గడి, పన్ను తీయడానికి రెండు, క్లీనింగ్‌కి మూడు, వెనక దవడ పంటి ఆర్‌సీటీ సిట్టింగ్‌కి మూడు నుంచి నాలుగు. మీ తమ్ముడి చెయ్యి వేగాన్ని బట్టి ఇవి మారతాయి. మొదటి నెల ఆయన చెప్పే టైము నమ్మకండి. పేషెంట్ కుర్చీ ఎక్కిన టైము, దిగిన టైము పక్కన రాసుకుంటూ పోండి. డాక్టర్లందరూ "అరగంటలో అయిపోద్ది వదినా" అనేవాళ్ళే. మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక పెదవి మొద్దుబారేదాకా ఆగే టైముని, పేషెంట్ వెళ్ళాక కుర్చీ తుడిచే టైముని ఎవరూ లెక్కలో వేసుకోరు.

ఇంకో సంగతి ఏ సాఫ్ట్‌వేర్ డెమోలోనూ ఎవరూ చెప్పలేదు. మీ రోజుకి హద్దు కుర్చీ కాదు, హ్యాండ్‌పీసులు. పన్ను అరగదీసే ఆ పరికరాన్ని ప్రతి పేషెంట్ తర్వాతా కడిగి, నూనె వేసి, కవర్లో సీల్ చేసి ఆటోక్లేవ్‌లో పెట్టాలి. 134 డిగ్రీల దగ్గర ఉంచేది కొన్ని నిమిషాలే అయినా వేడెక్కడం, ఆరడం కలిపి ముప్పావుగంట దాకా అనుకోండి. మూడు హ్యాండ్‌పీసులుంటే వరసగా నలుగురు డ్రిల్లింగ్ పేషెంట్లకి టైమిచ్చారా, నాలుగోవాడు ఆటోక్లేవ్ కోసం కూర్చోవాల్సి రావచ్చు. మధ్యలో ఒక పన్ను తీసేదో, కొలతలు తీసుకునేదో, ట్రయల్ చూసేదో పెడితే ఆ టైములో హ్యాండ్‌పీసులు సిద్ధమవుతాయి. ఏ పనికి ఏ పని పక్కన పెట్టాలన్నది నాకు అక్కడే అర్థమైంది.

పుస్తకం పక్కన తెలుగు క్యాలెండర్ ఒకటి ఉండాలి, నవ్వకండి. మంచి ముహూర్తాలున్న రోజున గంట పనులు పెట్టుకుంటే సగం మంది పెళ్ళి భోజనాల దగ్గరుంటారు. అమావాస్యనాడు పన్ను తీయించుకోనంటారు, మంగళవారం కొత్త పని మొదలెట్టనంటారు. వాళ్ళతో వాదించి గెలిచేదేం లేదు. ఆ రోజుల్లో సగంలో ఉన్న పనులు, క్లిప్పులు బిగించే పిల్లలు, క్లీనింగులు పెట్టుకుంటే సరిపోతుంది. మొదలెట్టేసిన పనికి తిథి పట్టింపు తక్కువ.

ఇప్పుడు క్యాన్సిలేషన్ సంగతి. ఒక్క పేషెంట్ కథ చెప్తే మీరడిగిన అపాయింట్‌మెంటు, రిమైండరు, క్యాన్సిలేషను మూడూ కలిపి చెప్పినట్టవుతుంది. మా కోనసీమ వైపు గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు ఎక్కువ. సెలవులో వచ్చినప్పుడే పళ్ళు గుర్తొస్తాయి. రాజోలు వైపునుంచి ఒకాయన, కువైట్లో డ్రైవరు, కింద కుడివైపు మొదటి దవడ పంటితో సోమవారం టోకెన్ల టైములో వచ్చాడు. చిగురు దగ్గర కాస్త వాపు కూడా ఉంది. వాపుంది కాబట్టి ఒక్క సిట్టింగ్‌లో ముగించను, లోపల మందు పెట్టి వారం ఆగుతానన్నాడు మా మరిది. నేను అడిగిన మొదటి ప్రశ్న "ఫ్లైట్ ఎప్పుడండీ?" అని. మూడో వారం శుక్రవారం రాత్రి హైదరాబాద్ నుంచి. అంటే గురువారం రాత్రి బస్సు ఎక్కాలి. గురువారం పొద్దున్నకి మించి మన చేతిలో టైము లేదు.

ఇలాంటివాళ్ళకి టైములు వెనకనుంచి ముందుకి వేసుకోవాలి. క్యాప్ బిగించేది ఆఖరి మంగళవారం సాయంత్రం. బిగించాక నమిలినప్పుడు ఎత్తు అనిపిస్తే సరిచేయడానికి బుధవారం ఖాళీ ఉంచాలి. క్యాపులు చేసే మా ల్యాబ్ రాజమండ్రిలో. పంటి అచ్చు అందాక వాళ్ళకి నాలుగు పనిదినాలు పడుతుంది, ఆదివారం సెలవు. కాబట్టి అచ్చు అంతకుముందు బుధవారం సాయంత్రం బస్సులో వెళ్ళిపోవాలి. వేర్లలో పర్మనెంట్ ఫిల్లింగ్ దానికి రెండు రోజుల ముందు, సోమవారం 11:30కి. ఈ మూడు టైములూ మొదటి రోజే, ఆయన కుర్చీ దిగకముందే రాసేశాను. "నొప్పి తగ్గితే ఫోన్ చేస్తానండీ" అన్నాడు. "నొప్పి తగ్గుతుందండీ, అందుకే ఇప్పుడే రాస్తున్నా" అన్నాను.

అనుకున్నట్టే ఆ సోమవారం పొద్దున్న పది దాటాక ఫోన్. "మేడం, కాకినాడలో మా బావమరిది గృహప్రవేశం, మర్చేపోయాను. నొప్పి కూడా ఏం లేదండి, రేపో ఎల్లుండో వస్తా." గంటన్నర కూడా మిగల్లేదు. "సరే, వచ్చేయండి" అనడం తేలిక. కానీ ఆ మాటంటే మిగతా రెండు టైములూ కూలిపోతాయి. బుధవారం అచ్చు వెళ్ళకపోతే మంగళవారానికి క్యాప్ రాదు. తాత్కాలిక సిమెంట్‌తోనే కువైట్ వెళ్ళిపోతాడు.

మరిదిని అడిగాను: బుధవారం ఒకే సిట్టింగ్‌లో ఫిల్లింగూ, క్యాప్‌కి పన్ను అరగదీయడమూ, అచ్చూ మూడూ అవుతాయా అని. వాపు తగ్గి, పన్ను పొడిగా ఉంటే అవుతుంది, కానీ గంటన్నర కావాలన్నాడు. బుధవారం ఆయనకున్నది ముప్పావుగంటే, 11:30 నుంచి 12:15. ఆ వెనక గళ్ళు మెయిన్ రోడ్డు మీద బట్టల కొట్టు నడిపే ఆయనవి, క్లీనింగ్‌కి. కొట్టు నుంచి మా క్లినిక్‌కి నడిచి పది నిమిషాలు. ఆయనకి ఫోన్ చేశాను. "అన్నయ్య గారూ, బుధవారం మీ క్లీనింగ్ ఇవాళే 11:30కి చేయించుకుంటారా? బుధవారం మళ్ళీ బేరాలు వదులుకోనక్కర్లేదు." సోమవారం పొద్దున్న బేరాలెక్కడున్నాయమ్మా అని చొక్కా మార్చుకుని వచ్చేశాడు. సోమవారం ఖాళీ నిండింది, బుధవారం గంటన్నర దొరికింది. కువైట్ ఆయనకి అప్పుడు ఫోన్ చేసి "రేపు కాదు, బుధవారం 11:30కే, గంటన్నర పడుతుంది, భోంచేసి రండి" అని చెప్పాను. వచ్చాడు. అచ్చు సాయంత్రం బస్సుకి వెళ్ళింది.

ఇందులో నా తెలివేం లేదు. ప్రతి పేరు పక్కనా మూడు చిన్న అక్షరాలు రాసుకుంటాను, అంతే. 'ద' అంటే దగ్గర, పావుగంటలో రాగలడు. 'తొ' అంటే తొందరగా పిలిచినా ఒప్పుకుంటాడు. 'క' అంటే కదపకూడదు: ల్యాబ్ పని ఉన్నవాళ్ళు, ప్రయాణం ఉన్నవాళ్ళు, దూరం నుంచి బస్సులో వచ్చేవాళ్ళు. ఖాళీ పడగానే 'ద', 'తొ' రెండూ ఉన్న పేర్లకి, అంతే గళ్ళు పట్టే పని ఉన్నవాళ్ళకి ఫోన్ చేస్తాను. టైమిచ్చేటప్పుడే "మధ్యలో ఖాళీ అయితే ముందే పిలవచ్చా?" అని అడిగేస్తే ఈ జాబితా దానంతటదే తయారవుతుంది. కొట్లవాళ్ళు, గృహిణులు, రిటైరైనవాళ్ళు ఎక్కువగా సరేనంటారు.

ఆయన కథలో ఇంకో మెలిక ఉంది. క్యాప్ బిగించే మంగళవారానికి రిమైండర్ పంపేముందు సోమవారం సాయంత్రం ల్యాబ్‌కి ఫోన్ చేశాను. క్యాప్ బయల్దేరిందని రూఢి చేసుకున్నాకే పేషెంట్‌కి చెప్పాను. ల్యాబ్ పని ఉన్న ఏ పేషెంట్‌కైనా ఇదే పద్ధతి. మీరు రిమైండర్ పంపి, ఆయన పన్నెండు మైళ్ళ నుంచి వచ్చి, క్యాప్ ఇంకా దార్లో ఉందంటే ఆ కుటుంబం మళ్ళీ మీ గుమ్మం తొక్కదు. ఆటోమేటిక్ రిమైండర్లు అదిరిపోతాయని చెప్పేవాళ్ళు ఈ మాట ఎందుకు చెప్పరో నాకు తెలీదు. మెషీన్‌కి బస్సు పార్సిల్ సంగతి ఏం తెలుసు?

రిమైండర్ల దగ్గర టౌన్‌లో అసలు చిక్కు ఫోన్ నెంబరు. పేషెంట్ మామ్మగారు, నెంబరు హైదరాబాద్‌లో ఉన్న కొడుకుది. మెసేజ్ ఆయనకెళ్తుంది, ఆయన మీటింగ్‌లో ఉంటాడు, మామ్మగారికి అందదు. అందుకే నెంబరు రాసుకునేటప్పుడే ఎవరిదో పక్కన రాయండి: 'కోడలు', 'పక్కింటి', 'సొంతం'. నెంబరు ఇంకొకరిదైతే మెసేజ్‌లో ఏం పనో రాయకండి. పెళ్ళి సంబంధాలు చూస్తున్న ఇంట్లో అమ్మాయి పంటి కథ ఫోన్ చూసినవాళ్ళందరికీ తెలియక్కర్లేదు. మేం పంపేది ఇంతే: "నమస్తే అండి. రేపు బుధవారం ఉదయం 11:30కి మీ అపాయింట్‌మెంట్ ఉంది. వస్తుంటే 1, కుదరకపోతే 2 పంపండి." 2 అని పంపడానికి మొహమాటం ఉండదు, ఫోన్ చేసి రాలేననడానికి ఉంటుంది. మనవాళ్ళు చెప్పకుండా మానేసేది నిర్లక్ష్యంతో కాదు, చాలాసార్లు మొహమాటంతోనే. సాయంత్రానికి జవాబు రాని గంట పనుల వాళ్ళకి మాత్రం నేనే ఫోన్ చేస్తాను. పావుగంట పనులకి చేయను, అంత తీరిక లేదు.

క్లినిక్‌కి వేరే నెంబరు పెట్టి దానిమీద వాట్సాప్ బిజినెస్ పెట్టుకోండి, మీ తమ్ముడి సొంత నెంబరు వద్దు. బ్రాడ్‌కాస్ట్ వాడతారేమో, మీ నెంబరు సేవ్ చేసుకోనివాళ్ళకి ఆ మెసేజ్ చేరదు. ఒక్కో లిస్టుకి 256 మందే హద్దు. కౌంటర్ దగ్గరే "ఒకసారి ఫోన్ ఇవ్వండి, క్లినిక్ నెంబరు సేవ్ చేస్తాను" అని చేసిపెట్టడం ఒక్క నిమిషం పని. బల్క్ ఎస్సెమ్మెస్సులంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకుని, పేరుకీ మెసేజ్ నమూనాకీ అనుమతి తెచ్చుకోవాలి. ఒక్క కుర్చీ క్లినిక్‌కి ఆ తతంగం అక్కర్లేదు.

రీకాల్, అంటే పని అయినవాళ్ళని కొన్నాళ్ళకి మళ్ళీ రప్పించడం, అనగానే అందరూ ఆర్నెల్ల క్లీనింగ్ అంటారు. ఆర్నెల్లన్నది శాసనమేం కాదు. ఇంగ్లండ్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2004లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పెద్దవాళ్ళకి రిస్క్‌ని బట్టి మూడు నెలల నుంచి రెండేళ్ళ దాకా అన్నారు. షుగరుండి చిగుళ్ళు వదులైనవాళ్ళని మా మరిది మూడు నెలలకే రమ్మంటాడు. పళ్ళు శుభ్రంగా ఉన్న కుర్రాళ్ళకి ఏడాది రాస్తాడు. ఎన్నాళ్ళకన్నది డాక్టరు కార్డు మీద రాయాలి, మనం ఊహించకూడదు. నా దగ్గర పన్నెండు అరలున్న అట్టపెట్టె ఒకటుంది, నెలకొకటి. కార్డు ఆ నెల అరలో పడుతుంది, నెల మొదట్లో ఆ అర తీసి ఫోన్లు చేస్తాను. మన కువైట్ ఆయన కార్డు ఏ అరలో పడాలో ఆయన్నే అడిగాను. మళ్ళీ సెలవు సంక్రాంతికన్నాడు, కాబట్టి డిసెంబర్ అర. నెంబరు +965తో మొదలయ్యేది, వాట్సాప్ ఉంది, పక్కన ఆయన భార్యది. సెలవు మొదటి వారంలోనే రమ్మని డిసెంబర్‌లోనే చెప్తే, ఇంకేదైనా పన్ను పాడైనా పనికి టైముంటుంది.

కానీ ఆ పెట్టెకంటే ముందు ఇంకొకటి మొదలెట్టండి: సగం పనుల జాబితా. మందు పెట్టి పంపినవాళ్ళు, ఆర్‌సీటీ అయి క్యాప్ వేయించుకోనివాళ్ళు, కుట్లు విప్పించుకోవడానికి రానివాళ్ళు. ప్రతి శనివారం ఈ జాబితా చూడాలి. క్లీనింగ్ రీకాల్ తప్పితే పళ్ళమీద గార పెరుగుతుంది, ఇది తప్పితే పన్నే పోతుంది. ఫోన్‌లో "రండి" అని ఊరుకోకండి. "మీ పంట్లో ఉన్నది తాత్కాలిక సిమెంటండీ, కొద్ది వారాలకే వేసింది, కొంచెం ఊడినట్టు నాలుకకి తగులుతోందా?" అని అడగండి. నాలుక పెట్టి చూసుకుంటారు, తగులుతుంది, వస్తారు. రెండుసార్లు ఫోన్ చేసినా రాకపోతే చెప్పిన తేదీలు కార్డు మీద రాసి పెట్టుకోండి. హాల్లో గొడవకొచ్చిన రోజున ఆ కార్డే మాట్లాడుతుంది.

రానివాళ్ళకి జరిమానా వేయమని సిటీలో పనిచేసిన ఒక డాక్టరు గారు మాకు సలహా ఇచ్చారు. టౌన్‌లో జరిమానా అంటే ఆ వీధి మొత్తం పక్క క్లినిక్‌కి వెళ్తుంది. మేం చేసేది రెండే. క్యాప్ కొలతలిచ్చే రోజే ల్యాబ్ ఖర్చు మేరకు అడ్వాన్సు. చెప్పకుండా రెండుసార్లు ఎగ్గొట్టినవాళ్ళకి ఆ తర్వాత టైము ఇవ్వం, టోకెన్‌లో రమ్మంటాం. ముందుగా చెప్పి మానుకున్నవాళ్ళని మాత్రం ఆ లెక్కలో వేయకండి, పదింటికి చెప్పినా సరే. కువైట్ ఆయన చెప్పబట్టే కదా ఆ గడి నిండింది.

"ఒక్క నిమిషం చూపించుకుని వెళ్ళిపోతా" అనే చుట్టాల గురించి ఒక పుస్తకం రాయొచ్చు. మేం వాళ్ళకోసం ప్రతి పూటా ఆఖర్న ఒక గడి ఖాళీగా ఉంచుతాం. అది ఎప్పుడూ ఖాళీగా ఉండదు.

ఇక సాఫ్ట్‌వేర్. మొదటి ఆరునెలలూ పుస్తకం, కార్డులు, వాట్సాప్ చాలు. అప్పటికి మీకు ఏ గడి ఎవరికి పడుతుందో చేతికొస్తుంది, అప్పుడు ఏది కొన్నా అందులో ఏం కావాలో మీరే అడగగలరు. కొనేముందు డెమో ఇచ్చే అబ్బాయిని రెండు అడగండి: ఒకే పేషెంట్‌కి నెంబరుతో పాటు అది ఎవరి నెంబరో రాసుకోవచ్చా, రేపు మేం మానేస్తే పేషెంట్ల వివరాలన్నీ ఎక్సెల్‌లో మా చేతికొస్తాయా అని. రెండోదానికి "మా టీమ్‌ని కనుక్కుని చెప్తాను మేడం" అన్నాడంటే టీ ఇచ్చి పంపించేయండి.